పసివారి కథకు మార్కులెలా వేయాలి?

ఇటీవల ఒక పాఠశాలలో యూకేజీ పిల్లల ‘షో అండ్ టెల్’కు మమ్మల్ని న్యాయనిర్ణేతగా పిలిచారు. ఇంటి నుండి ఒక వస్తువు తెచ్చి, దాని గురించి రెండు నిమిషాలు చెప్పాలి. మా చేతికిచ్చిన కాగితంలో ‘ధైర్యం, ఉచ్చారణ, ధారాళత’ అనే 3 గడులే ఉన్నాయి. ఆ లెక్కన, బొమ్మకారును గురించి కంఠస్థం చేసిన పది వాక్యాలను గడగడా అప్పజెప్పిన బాలుడే ప్రథముడు. తాతగారి లాంతరు తెచ్చిన బాలిక అందరికన్నా వెనుక.

కానీ ఆ బాలిక చెప్పినదే కథ. “కరెంటు పోయింది. మేక కనబడలేదు. దాదా, నేను బావి దగ్గరికి వెళ్ళాం. అంధేరా ఉంది. నాకు భయమేసింది.” అంతే, ఆగిపోయింది.

మేము ఆ గడులను పక్కనబెట్టి, 4 ప్రశ్నలు వ్రాసుకున్నాము. ఎవరు, ఎక్కడ అన్నది తెలిసిందా? సంఘటనలు వరుసగా వచ్చాయా? తెచ్చిన వస్తువుకు కథలో పని ఉందా? చివరకు ఏమైందో తెలిసిందా? బిడ్డ తనంతట చెబితే 2, మనం అడిగాక చెబితే 1, అడిగినా చెప్పలేకపోతే 0. మొత్తం 8.

ముగింపు విషయంలో మాత్రం ఒక సడలింపు అవసరం. అయిదేళ్ళ పిల్లలు తరచుగా కథను ఉత్కంఠ వద్దనే ఆపివేస్తారని పీటర్సన్, మెక్కేబ్ అనే పరిశోధకులు 1983లో ప్రచురించిన గ్రంథంలో చూపారు. అది వయస్సు లక్షణం, లోపం కాదు. కనుక ఆరేళ్ళలోపు వారు అడిగాక ముగించినా 2 ఇవ్వాలి.

“తర్వాత ఏమైందమ్మా?” అని అడిగాము. “మేక దొరికింది, ఇంటికి తెచ్చాం.” “మరి లాంతరు?” “దాదా పైకెత్తితే మేక కళ్ళు మెరిశాయి!” మొదటి రెండింటికీ 2 చొప్పున, లాంతరుకు 1, ముగింపుకు 2. మొత్తం 7.

బాలుణ్ణి మధ్యలో ఆపి, “ఈ కారు ఎవరిచ్చారు బాబూ?” అన్నాము. అతడు తడబడి మళ్ళీ మొదటి వాక్యం నుండి అందుకున్నాడు. కంఠపాఠాన్ని పట్టిచ్చే గుర్తు ఇదే. అప్పుడు, “నిన్న దీనితో ఏం ఆడావు?” అని అడిగితే, కారు మంచం కిందికి దూరడం, అమ్మీ చీపురుతో లాగడం చెప్పాడు. అన్నీ అడిగాక వచ్చినవే కనుక మూడింటికి 1 చొప్పున, ముగింపుకు 2. మొత్తం 5.

‘అంధేరా’ అన్నందుకు మార్కు తగ్గించలేదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు వినే బిడ్డ నోట రెండూ కలుస్తాయి. మనం కొలుస్తున్నది కథను, భాషాశుద్ధిని కాదు. గొంతు వినిపించకపోతే మనమే దగ్గరగా జరగాలి.

ఒక్కసారి విన్నది చాలదు. సిగ్గరి బిడ్డ మరో రోజు, నలుగురైదుగురి ముందు బాగా చెప్పవచ్చు. కాబట్టి ఈ అంకెలను ర్యాంకులుగా ప్రకటించరాదు. 1 ఉన్న చోటే తల్లిదండ్రులు రేపు ఇంట్లో అడగవలసిన ప్రశ్న ఉంది. ఆ బాలిక ఇంట అది, “లాంతరు ఏం చేసింది?” అన్నదే.