పేరు కొట్టేస్తే సరిపోదు

రోగుల రికార్డులు పరిశోధకుల చేతికి ఇచ్చేటప్పుడు మన ఆసుపత్రులు చెప్పే మాట ఒకటే: "పేర్లు తీసేశాం కదా!" ఎక్సెల్ షీట్‌లో పేరు, ఫోన్, ఆధార్ కాలమ్‌లు డిలీట్ చేసి మెయిల్ పంపేస్తారు. ఈ పద్ధతి ఇక చెల్లకూడదు.

1990ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లోనూ ఇదే చేశారు. ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డుల్లో పేర్లు, చిరునామాలు తీసేసి, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ మాత్రం ఉంచి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటికి విద్యార్థిని అయిన లతాన్యా స్వీనీ 20 డాలర్లతో కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీనే పుట్టినవారు అందులో ఆరుగురు. వారిలో మగవారు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఆయనొక్కరే. గవర్నర్ జబ్బుల చిట్టా బయటపడింది.

మన దగ్గర ఓటర్ల జాబితా కూడా అక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ రోగుల ఫైల్లో ఇలా ఒక వరుస ఉందనుకోండి: "58 ఏళ్ల మహిళ, మాజీ సర్పంచ్, మార్చి 14న డయాలసిస్ మొదలు, కొడుకు దుబాయ్‌లో." పేరు లేదు. ఆ మండలంలో టీకొట్టు దగ్గర చదివితే మాత్రం ఆమె ఎవరో పది నిమిషాల్లో తేలిపోతుంది.

అలాగని అన్నీ చెరిపేస్తే పరిశోధనే ఉండదు. ఉద్దానంలో ఊరు, నీళ్లు, చేసే పని తెలియకుండా జబ్బు కారణం ఎలా వెతుకుతారు? కాబట్టి మండలం ఉంచి మిగతావి మసకబార్చాలి. 58 బదులు "55–59" అని రాయాలి. ఒక రోగి తేదీలన్నిటినీ ఒకే లెక్కన, ఉదాహరణకు 23 రోజులు, వెనక్కి జరపాలి. అప్పుడు డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య వ్యవధి చెడదు. ఎన్ని రోజులన్నది రోగి రోగికీ మారాలి. "మాజీ సర్పంచ్" పోయి "వ్యవసాయం" మిగలాలి, ఆమె చేసే పని అదే అయితే. దుబాయ్ ఊసు ఎవరికీ అక్కర్లేదు.

తర్వాత లెక్కపెట్టాలి. వయసు, ఆడా మగా, మండలం మూడూ కలిసిన వరుసలు ఐదుకు తగ్గితే పక్క గుంపులో కలపాలి, కుదరకపోతే ఆపేయాలి. ఐదు దేవుడు చెప్పిన అంకె కాదు. జబ్బు సున్నితమైనదైతే పది పెట్టుకోవచ్చు. ఆ లెక్క కాగితం జతచేయని ఫైలుకు ఎథిక్స్ కమిటీ సంతకం పెట్టకూడదు.

ఇంటర్వ్యూల రాతప్రతుల సంగతి ఇంకా చిక్కు. "రవి" కనిపించిన చోటల్లా "పి-7" అని కంప్యూటర్‌తో మార్పించి చూడండి: "రవిక" కాస్తా "పి-7క" అవుతుంది, ఆంగ్ల లిపిలో రాసుకున్న అదే పేరు మాత్రం చెక్కుచెదరదు. "మా వీధి చివర గుడి పూజారి" లాంటి మాటలను ఏ ఫైండ్-రీప్లేసూ పట్టుకోలేదు. మనిషి కూర్చుని చదవాల్సిందే.

చదివేది కూడా బయటివాళ్లు కాకూడదు. ఆ రికార్డులు ఎలాగూ చూసే, ఆ ప్రాంతం తెలిసిన నర్సుకే ఓ ఇరవై వరుసలు ఇవ్వాలి. ఒక్క వరుస దగ్గరైనా "ఈమె ఫలానా కదూ" అని ఆమె అంటే, ఫైలు వెనక్కి రావాలి.