పదకొండేళ్ల పాపకు పెద్దల కొలబద్దా?

పిల్లల డెక్సా స్కాన్ రిపోర్టులో టీ-స్కోరు వేసి, పక్కనే ‘ఆస్టియోపోరోసిస్’ అని రాయడం శాస్త్రవిరుద్ధం.

టీ-స్కోరు మన ఎముకను ఆరోగ్యవంతులైన యువజనుల ఎముకతో పోలుస్తుంది. మైనస్ 2.5 అనే హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది ముట్లుడిగిన స్త్రీలను దృష్టిలో ఉంచుకొని. జెడ్-స్కోరు పోల్చేది అదే వయసు, అదే లింగం వారితో.

నార్కట్‌పల్లిలో పదకొండేళ్ల పాపకు వెన్నెముక సాంద్రత 0.64 గ్రాములు వచ్చిందనుకుందాం. యువతుల సగటు 1.00, ప్రామాణిక విచలనం 0.12 అయితే టీ-స్కోరు మైనస్ 3. ఆమె ఈడు పిల్లల సగటు 0.68, విచలనం 0.08 అయితే జెడ్-స్కోరు మైనస్ 0.5 మాత్రమే. ఆమె ఎముక అరిగిపోలేదు, ఇంకా పెరగవలసి ఉంది. లేని జబ్బుకు మందులు వాడించడం ఎవరి మేలు కోసం?

యాభై లోపు పురుషులకూ, ముట్లు ఆగని స్త్రీలకూ జెడ్-స్కోరే ప్రమాణం. అది మైనస్ 2 లేదా అంతకంటే తక్కువైతే ‘వయసుకు తగినంత లేదు’ అనాలి. పిల్లల్లో ఆ అంకె ఒక్కటే చూసి ఆస్టియోపోరోసిస్ అనరాదు. ఎముకలు విరిగిన చరిత్ర కావాలి. పొట్టి పిల్లల్లో సాంద్రత అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది గనుక ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి.

నల్లగొండ ఫ్లోరైడ్ నేలలో మరో చిక్కుంది. ఫ్లోరోసిస్ వెన్నెముకను గట్టిపరచి సాంద్రతను పెంచి చూపవచ్చు, కానీ ఆ ఎముక బలమైనది కాదు. ఇక్కడ మంచి స్కోరును సైతం ఎక్స్-రే చూడకుండా నమ్మకూడదు.

పిల్లల రిపోర్టులో టీ-స్కోరు కనబడితే, జెడ్-స్కోరుతో మళ్లీ రాసిమ్మని అడగండి.