ఓనర్ అంకుల్ సంతకం ఎందుకు పెట్టట్లేదు?

కొత్త గ్యాస్ కనెక్షన్ కోసం వెళ్తే, అద్దెకుండేవాళ్లకి ఏజెన్సీ కౌంటర్‌లో తరచూ వినిపించే మాట: "ఓనర్ దగ్గర్నుంచి ఎన్‌ఓసీ, అడ్రస్ ప్రూఫ్ పట్టుకురండి." ఓనర్ దగ్గరికెళ్తే వినిపించే మాట: "కాగితాల మీద సంతకాలు మేం పెట్టమమ్మా." ఈ రెండింటి మధ్య ఇరుక్కుని కొందరు బ్లాక్‌లో సిలిండర్ కొనేస్తారు. ఇంకొందరు కర్రీ పాయింట్ మీదే నెలలు లాగించేస్తారు. ఈ వారం ఆ కాగితం సంగతి చూద్దాం.

అసలు చిక్కంతా పేరులోనే ఉంది. 'నో అబ్జెక్షన్' అనగానే ఓనర్‌కి తను ఏదో హక్కు రాసిచ్చేస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ ఏజెన్సీకి తెలియాల్సినవి రెండే. ఈ మనిషి నిజంగా ఈ ఇంట్లో ఉంటున్నారా? వాళ్ల వంటిల్లు వేరేనా?

రెండో ప్రశ్న ఎందుకంటారా? 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం ఒక కుటుంబానికి ఒకే గృహ కనెక్షన్. కుటుంబం అంటే ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో వండుకుని తినేవాళ్లు. అందుకే అప్లికేషన్ పెట్టగానే అదే పేరుతోగానీ, అదే అడ్రస్‌తోగానీ ఇంకో కనెక్షన్ ఉందా అని చూస్తారు. అద్దెవాళ్ల అప్లికేషన్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం నుంచి వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న ఒకమ్మాయి కూకట్‌పల్లిలో ఒక ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్ తీసుకుంది. ఓనర్లు కింద ఉంటారు. ఇంటి నంబర్ ఒకటే. కరెంటు మీటర్ వేరే ఉన్నా బిల్లు ఓనర్ పేరు మీదే వస్తుంది. తన ఆధార్‌లో ఖమ్మం అడ్రస్ ఉంది. కేవైసీ ఫారంలో ఇంటి నంబర్ ఒక్కటే రాసి ఇచ్చింది. ఆ అడ్రస్‌లో ఓనర్‌ది ఎప్పట్నుంచో కనెక్షన్ ఉంది కాబట్టి అప్లికేషన్ ఆగింది.

దీనికి మందు, అడ్రస్‌ని విడదీసి రాయడం. ఇంటి నంబర్ తర్వాత 'మొదటి అంతస్తు, వెనక పోర్షన్' అని ఫారంలో, అగ్రిమెంట్‌లో, ఓనర్ లెటర్‌లో ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో 'ఫస్ట్ ఫ్లోర్', ఇంకోదాంట్లో ఏమీ లేకపోతే మళ్లీ మొదటికే.

ఇక కాగితాలు. అడ్రస్ ప్రూఫ్‌గా ఆయిల్ కంపెనీలు తీసుకునే జాబితాలో అద్దె అగ్రిమెంట్ కూడా ఉంది. కాబట్టి అగ్రిమెంట్ ఉంటే ముందు అదే ఇవ్వండి. అగ్రిమెంట్ లేకపోయినా, ఉన్నది చాలదని అన్నా అప్పుడు ఓనర్ లెటర్, తాజా కరెంటు బిల్లు కాపీ కావాలి. ఓనర్ పేరున్న బిల్లు ఒక్కటే ఇస్తే మీరెవరో దాంట్లో ఉండదు. ఆ బిల్లుకీ మీకూ ముడివేసేదే లెటర్.

ఇప్పుడు అంకుల్‌ని అడగడం ఎలా? ఆయన భయాలు మూడు. మూడింటికీ జవాబు పట్టుకునే వెళ్లండి.

మొదటిది, "రేపు ఇల్లు నాదే అంటే?" గ్యాస్ కనెక్షన్ ఇంటికి ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. డిపాజిట్ కట్టేది మీరు, కాగితం వచ్చేది మీ పేరు మీద. మీరు అద్దెకుంటున్నారని లెటర్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి అది ఆయన వైపే సాక్ష్యం.

రెండోది, "నా ఆధార్ ఇవ్వను." మీరే ముందు అడగొద్దు. కరెంటు బిల్లు కాపీ చాలేమో ఏజెన్సీలో కనుక్కోండి. తప్పదంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటారేమో అడగండి. ఏ కాపీ ఇచ్చినా దాని మీద అడ్డంగా 'గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టమనండి.

మూడోది, "నువ్వెళ్లిపోయాక కనెక్షన్ ఇక్కడే ఉండిపోతే?" ఈ భయం మాత్రం నిజమైందే. పాత అద్దెవాళ్లు అడ్రస్ మార్చుకోకుండా వెళ్లిపోతే కొత్తగా వచ్చినవాళ్ల అప్లికేషన్ ఆగిపోవచ్చు. అందుకే ఖాళీ చేసేటప్పుడు మార్పించుకుంటానని లెటర్‌లోనే రాసివ్వండి.

లెటర్ మీరే రాసుకెళ్లండి. ఖాళీ కాగితం ఆయన ముందు పెడితే ఆ పని 'చూద్దాంలే'లోకి వెళ్లిపోతుంది. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఇంటి నంబర్ ……, మొదటి అంతస్తు, వెనక పోర్షన్‌లో …… గారు …… తేదీ నుంచి అద్దెకు ఉంటున్నారు. ఈ పోర్షన్‌కు వంటిల్లు వేరుగా ఉంది. కింది అంతస్తులో నా పేరుతో ఉన్న గ్యాస్ కనెక్షన్‌కు, వీరికి సంబంధం లేదు. ఈ అడ్రస్‌లో వీరు తమ పేరుతో కనెక్షన్ తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఖాళీ చేసేటప్పుడు కనెక్షన్‌ను ఈ అడ్రస్ నుంచి మార్పించుకుంటామని వీరు ఒప్పుకున్నారు. ఈ లెటర్ గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే."

కింద ఇద్దరి సంతకాలు, తేదీ, ఓనర్ ఫోన్ నంబర్. అంతే.

ఇంకా తటపటాయిస్తుంటే ఈ ఒక్క మాట చెప్పి చూడండి: "అంకుల్, గ్యాస్ ప్రమాదం జరిగితే ఆయిల్ కంపెనీల ఇన్సూరెన్స్‌లో ఆస్తి నష్టం వర్తించేది రిజిస్టరైన అడ్రస్‌కే. బ్లాక్ సిలిండర్ తెచ్చుకుంటే మీ ఇంటికి ఆ రక్షణ ఉండదు." ఇంటి మీద పెట్టుబడి పెట్టినాయనకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఆయన ఒప్పుకోనే ఒప్పుకోకపోతే? అగ్రిమెంట్ ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లోనే నేరుగా అప్లై చేయండి. ఏజెన్సీ కారణం చెప్పకుండా తిప్పుతుంటే టోల్‌ఫ్రీ నంబర్ 1800-2333-555కి కంప్లైంట్ ఇవ్వొచ్చు. అగ్రిమెంట్ కూడా లేకపోతే 5 కేజీల 'ఛోటు' తరహా సిలిండర్ ఉంది. దానికి గుర్తింపు కార్డు చాలు, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. రీఫిల్ మార్కెట్ రేటు మీద ఉంటుంది, కాబట్టి రోజూ రెండు పూటలా వండేవాళ్లకి ఖర్చు ఎక్కువే. కానీ పక్క సందులో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి నింపించుకోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. అలా నింపడం చట్టవిరుద్ధం, పైగా లీకైతే అక్కడికక్కడే అంటుకుంటుంది.

కనెక్షన్ వచ్చాక మీకొక సబ్‌స్క్రిప్షన్ వోచర్ ఇస్తారు. 2022 జూన్‌లో పెంచిన లెక్క ప్రకారం 14.2 కేజీల సిలిండర్‌కి డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కి 250 రూపాయలు. ఈ డబ్బు తిరిగొచ్చేదే కాబట్టి ఆ వోచర్‌ని పారేయకండి. ఫొటో తీసి ఫోన్‌లోనూ పెట్టుకోండి. ఊరు మారేటప్పుడు సిలిండర్, రెగ్యులేటర్ అప్పగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. కొత్త ఊళ్లో దాన్ని చూపిస్తే కనెక్షన్ కొనసాగుతుంది. దాన్నీ ఒక ఫొటో తీసి ఓనర్ అంకుల్‌కి వాట్సాప్ చేసేయండి. ఆ పోర్షన్‌లోకి మీ తర్వాత వచ్చేవాళ్లు సంతకం అడిగినప్పుడు ఆయన అంతగా భయపడరు.