పట్టా మారాకే బ్రోకరుకు మార్కులు

పెరియకుళం చుట్టుపక్కల భూమి కొన్నవాళ్లను బ్రోకరు ఎలాంటివాడని అడిగితే జవాబు సాధారణంగా ఒక్క ముక్కలో వస్తుంది. మంచోడంటారు, లేదంటే మోసగాడంటారు. తర్వాత కొనబోయేవాడికి ఈ రెండు మాటలూ పనికిరావు. మంచోడన్న మాట చాలాసార్లు రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం పుడుతుంది. అప్పటికి చేతిలో పత్రం ఉంటుంది, మనసులో సంతోషం ఉంటుంది, భూమిలో ఉన్న లోటు ఇంకా బయటపడి ఉండదు. మోసగాడన్న మాట గొడవ ముదిరాక కోపంలో వస్తుంది కాబట్టి, అసలు జరిగిందేమిటో అందులో మిగలదు. బ్రోకరు గురించి పదిమందికి చెప్పదలచినవాడు పట్టా తన పేరుకు మారేదాకా, ఒక ఎండాకాలం గడిచేదాకా ఆగాలని నా అభిప్రాయం. ఆ తర్వాత కూడా బిరుదులు పక్కనపెట్టి, అడగకముందే ఏ లోపం చెప్పాడు, కమిషను మాట ఎప్పుడు ఎత్తాడు, డబ్బు చేతికందాక ఎన్నిసార్లు కనిపించాడు అన్నవి చెప్పాలి.

ఎండాకాలం దాకా ఎందుకంటే, ఇక్కడి భూముల్లో పెద్ద లోపాలు కాగితంలో కనిపించవు. ఒక మామిడి తోపును తీసుకుందాం. ఎకరన్నర, కాపుకొచ్చిన చెట్లు, మూలన బావి, దాని మీద మోటారు. ఈసీ తీయిస్తే శుభ్రంగా వస్తుంది, పట్టా అమ్మేవాడి పేరునే ఉంటుంది. వకీలు మూలపత్రం నుంచి ఇప్పటి పత్రం దాకా గొలుసు చూసి సరేనంటాడు. కానీ ఆ బావి ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి సొత్తు. నీళ్లు వంతుల మీద వాడుకుంటారు, అమ్మేవాడి వంతు వారానికి రెండు రోజులే. తమిళనాడులో సేద్యపు మోటార్లకు కరెంటు ఉచితం. అయితే ఆ సర్వీసు ఇంకా పెద్దన్న పేరునే ఉంది, ఆయన సంతకం లేనిదే పేరు మారడం కష్టం. తోపులోకి బండి వెళ్లే దారి పక్క పొలం గట్టు మీదుగా పోతుంది. ఆ దారికి ఏ పత్రంలోనూ హక్కు రాయలేదు, ఇన్నేళ్లూ ఇచ్చిపుచ్చుకోవడంతో నడిచింది. రెండేళ్ల మామిడి కాపును ఒక వ్యాపారి ముందే గుత్తకు తీసుకుని అడ్వాన్సు కట్టేశాడు.

వీటిలో ఒక్కటీ ఈసీలో కనబడకపోవచ్చు. రిజిస్టరు కాని కట్టుబాట్లు అందులోకి రావు. అన్నదమ్ముల నోటిమాట ఒప్పందం, కాపు గుత్త, బావి వంతు ఊళ్లో అందరికీ తెలిసినవే అయినా రిజిస్ట్రారు ఆఫీసు కంప్యూటరుకు తెలియవు. బ్రోకరుకు మాత్రం తెలుసు. అతను ఆ వీధులు తిరిగేవాడు, ఆ బావి దగ్గర ఎవరితో ఎవరికి మాటల్లేవో తెలిసినవాడు. అందుకే 'కాగితాలు చూసుకోవడం వకీలు పని, నా పని ఇద్దర్నీ కలపడమే' అని బ్రోకర్లు చెప్పే సమాధానం సగమే నిజం. కాగితం మీద ఉన్నది వకీలు చూస్తాడు. నేల మీద ఉన్నది చెప్పగలిగినవాడు బ్రోకరే, అతనికి మనం డబ్బిచ్చేది ముఖ్యంగా ఆ తెలివిడి కోసమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మేవాడు ముందుగా చెప్పి తీరాలంటుంది. అమ్మేవాడి తరఫున మాట్లాడే బ్రోకరు ఆ లోపాన్ని కప్పిపెడుతున్నాడంటే, చట్టం చెప్పమన్నదాన్ని చెప్పకుండా ఆపుతున్నట్టే.

కాబట్టి లోపాల విషయంలో బ్రోకరును తూచాల్సిన ప్రశ్న 'అబద్ధం చెప్పాడా' అన్నదొక్కటే కాకూడదు. అనుభవమున్న బ్రోకరు అబద్ధం చెప్పడు. అడిగినదానికి నిజమే చెప్తాడు, అడగనిదాన్ని వదిలేస్తాడు. బావి ఉందా అంటే ఉందంటాడు, ఎవరిదని మనం అడగం. అందుకే ఇతరుల కోసం రాసేవాడు, ఏ విషయం అతను తానుగా చెప్పాడు, ఏది అడిగాక చెప్పాడు, ఏది రిజిస్ట్రేషన్ అయ్యాక మనమే కనుక్కున్నాం అని విడివిడిగా రాయాలి. 'బావి ఉమ్మడి అని అడ్వాన్సుకు ముందే చెప్పి పెద్దన్నతో మాట్లాడించాడు' అన్న ఒక్క వాక్యం పది పొగడ్తల కంటే ఎక్కువ పని చేస్తుంది. 'దారి సంగతి మూడుసార్లు అడిగితే చూసుకుందాంలే అన్నాడు' అన్నదీ అంతే.

ఇంటి స్థలాల లేఅవుట్లలో ఈ పరీక్ష కొంచెం తేలిక. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను ఆపేసింది. ఆ తర్వాత 2017లో, 2016 అక్టోబరు 20కి ముందు వేసిన లేఅవుట్లను క్రమబద్ధం చేసుకోవడానికి ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. 'పక్క ప్లాటు రిజిస్టరు అయింది గనక ఇదీ అవుతుంది' అని బ్రోకరు అంటే, ఆ పక్క ప్లాటు ఏ సంవత్సరం, ఏ అనుమతి మీద అయిందో అడగాలి. 500 చదరపు మీటర్లు దాటిన కొత్త లేఅవుట్ అయితే అది రెరాలో నమోదు కావాలి, అందులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకూ రెరా నంబరు ఉండాలి. లేకుండా అమ్మితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, మొత్తం మీద ప్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా ఉంది. తోపులు, పొలాలు అమ్మే బ్రోకర్లకు మాత్రం ఈ చట్టం వర్తించదు. పెరియకుళం లాంటి చోట తోపుల బేరాలు కూడా నడుస్తాయి గనక, అక్కడ కొన్నవాళ్ల మాటే కొనబోయేవాళ్లకు మిగిలిన రక్ష.

ఇక కమిషను. అది ఎక్కువా తక్కువా అన్న వాదన నాకు ముఖ్యమనిపించదు. బ్రోకరు పది భూములు చూపిస్తే ఒకటి కుదురుతుంది, కుదరని తొమ్మిదింటికీ పెట్రోలు, రోజులు అతనివే. రెండు శాతం అడిగితే అడగనివ్వండి. అసలు చిక్కు అడగకుండా తీసుకునే డబ్బుతో వస్తుంది. దాని రూపం ఇలా ఉంటుంది. అమ్మేవాడితో 'నీ చేతికి 30 లక్షలు, పైన వచ్చింది నాది' అని బ్రోకరు మాట్లాడుకుంటాడు. కొనేవాడికి 33 లక్షలు చెప్తాడు, ఒక్క రూపాయి తగ్గదంటాడు, దాని మీద రెండు శాతం కమిషను 66,000 తీసుకుంటాడు. కొనేవాడి లెక్కలో బ్రోకరుకు ముట్టింది 66,000. నిజంగా ముట్టింది 3,66,000, అంటే ధరలో 11 శాతం పైచిలుకు. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. ధర తగ్గిస్తే తన వాటా తగ్గుతుంది గనక, మన తరఫున బేరమాడాల్సిన మనిషి మనకు ఎదురుపక్షం అయిపోయాడు.

రెండు వైపులా కమిషను తీసుకోవడంలో తప్పు లేదు, ఇద్దరికీ తెలిసి ఉంటే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెంట్ల గురించి చెప్పే భాగంలో, యజమానికి తెలియకుండా ఏజెంటు తన లాభం కోసం వ్యవహరిస్తే ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చని ఉంది. ఏ పనిలో ఏజెంటు తప్పుగా నడుచుకున్నాడో ఆ పనికి ప్రతిఫలం అడిగే హక్కు అతనికి లేదని 220వ సెక్షన్ అంటుంది. ఈ సెక్షన్లు పట్టుకుని కోర్టుకెళ్లేవాళ్లు అరుదు. కానీ కొనేవాడు చేయదగిన చిన్న పని ఒకటుంది. అడ్వాన్సు ఇచ్చే రోజు అమ్మేవాడినే, బ్రోకరు ముందే, 'మీ చేతికొచ్చే ధర ఎంత' అని అడగాలి. అడ్వాన్సుకు ముందు అమ్మేవాడిని కలవనివ్వని బ్రోకరును గుర్తుపెట్టుకోవాలి. ఇతరులకు చెప్పేటప్పుడు కమిషను ఎంతో కాదు, ఎప్పుడు చెప్పాడో, ఎన్నిసార్లు పెంచాడో, రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు గడపలో 'పైఖర్చులు' అని ఎంత కలిపాడో, వాటికి రసీదు ఉందో లేదో రాయాలి.

మూడోది, తర్వాతి సంగతి. సర్వే నంబరు మొత్తం కొంటే పట్టా మార్పు పెద్ద బాధ లేకుండా జరుగుతుంది. అందులో కొంత భాగమే కొంటే సర్వేయరు వచ్చి కొలిచి, సబ్‌డివిజన్ చేసి, పటంలో కొత్త గీత గీస్తేగానీ పట్టా రాదు. ఆ కొలత రోజు పక్క పొలాలవాళ్లు, అమ్మినవాళ్లు నేల మీద ఉండాలి. హద్దు రాయి ఎక్కడుందని మాట పెరిగేది అప్పుడే. అమ్మినవాడికి డబ్బు ముట్టిపోయింది, రాకపోయినా అతనికి నష్టం లేదు. అతన్ని పిలుచుకురాగలిగినవాడు బ్రోకరు. వచ్చాడా, ఫోనెత్తాడా, బావి కరెంటు సర్వీసు పేరు మార్పుకు అన్నదమ్ముల సంతకాలు పెట్టించాడా అన్నది రాస్తే మనిషి ఏమిటో తెలిసిపోతుంది. కమిషనులో కొంత భాగం పట్టా మారాక ఇస్తానని మొదటే ఒప్పుకోవడం మంచిది. ఒప్పుకున్న బ్రోకరు, ఒప్పుకోని బ్రోకరు ఇద్దరి సంగతీ తర్వాతివాళ్లకు తెలియాలి.

దీనికి మనవాళ్లలో గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇంట్లో తెలుగు, కాగితాల మీద తమిళం ఉన్న కుటుంబాలకు, తెలుగు మాట్లాడే బ్రోకరు దొరికితే ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. పెళ్లిళ్లలో ఎదురుపడే మనిషి గురించి నలుగురిలో చెడు చెప్పడమెలా అంటారు. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. కానీ 'మనవాడు' అన్న నమ్మకం మీదే మనం ఈసీ సరిగా చదవకుండా, ధర అమ్మేవాడిని అడగకుండా వదిలేస్తాం. ఆ నమ్మకాన్ని నిలబెట్టిన బ్రోకరుకు మన మాట మేలు చేస్తుంది. వాడుకున్నవాడి సంగతి మరుగున పడితే, తర్వాత అదే గుంటలో పడేదీ మనవాళ్లే.

కక్షతో, పోటీ బ్రోకరు పురమాయింపుతో రాసేవాళ్లుంటారన్న మాట కూడా నిజమే. అందుకు విరుగుడు ఒక్కటే, తేదీలు, అంకెలు, కాగితంతో చూపగలిగిన సంగతులు మాత్రమే రాయడం, మన ఊహను రాయకపోవడం. పరువు నష్టం కేసు భయమూ అక్కడే తగ్గుతుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగా చెప్తూనే కొన్ని మినహాయింపులు ఇచ్చింది. లోకహితం కోసం చెప్పిన నిజం అందులో ఒకటి, ఎదుటివాడి మేలు కోరి సద్భావంతో చేసిన హెచ్చరిక మరొకటి. 'దొంగ' అన్న మాట ఆ నీడలోకి రాదు. 'ధర 33 లక్షలన్నాడు, అమ్మినవాడు తనకు ముట్టింది 30 అని చెప్పాడు' అన్నది, అమ్మినవాడు ఆ మాట మీద నిలబడితే, వస్తుంది. చెప్పేముందు అదే సంగతి బ్రోకరుకూ వినిపించి, అతను ఇచ్చిన జవాబును పక్కనే రాయాలి. ఆ తర్వాత అతను బావి కాగితం సరిచేయించి పెడితే, అది ఏ తేదీన జరిగిందో కూడా చేర్చాలి.