స్టాప్‌లాస్ హద్దు కాదు

షేరు పడుతుందన్న అంచనా అక్షరాలా నిజమైనా, షార్ట్ సెల్లర్ దివాలా తీయవచ్చు. 2008 అక్టోబరులో ఫోక్స్‌వ్యాగన్ షేరు విషయంలో జరిగింది అదే. ప్రపంచ మార్కెట్లన్నీ కూలుతుంటే ఈ కార్ల కంపెనీ సాధారణ షేరు మాత్రం దాని లాభాలతో పొంతన లేని ధర దగ్గర నిలబడి ఉంది. అది దిగక తప్పదని హెడ్జ్ ఫండ్లు లెక్కగట్టి, షేర్లు అరువు తెచ్చి అమ్మేశాయి. ఆ లెక్కలో తప్పులేదు. ఆ తర్వాత షేరు దిగింది కూడా. కానీ దిగేలోపే వాళ్లలో చాలామంది భారీ నష్టాలతో బయటపడ్డారు.

అక్టోబరు 26, ఆదివారం. ఫోక్స్‌వ్యాగన్‌లో తనకు 42.6 శాతం వాటా ఉందని, మరో 31.5 శాతానికి ఆప్షన్లు కూడా ఉన్నాయని పోర్షే కంపెనీ ప్రకటించింది. లోయర్ శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర సుమారు 20 శాతం ఉంది. అది అమ్మే రకం కాదు. అంటే మార్కెట్లో నిజంగా చేతులు మారగల షేర్లు 6 శాతం కన్నా తక్కువ. అరువు తెచ్చి అమ్మినవేమో 12 శాతం పైచిలుకు. తిరిగి ఇవ్వాల్సిన షేర్లు దొరికే షేర్లకు రెట్టింపు ఉన్నాయన్న సంగతి అందరికీ ఒకేసారి తెలిసింది. శుక్రవారం 210 యూరోల దగ్గర ముగిసిన షేరు, మంగళవారం ఒక దశలో 1,000 యూరోలు దాటింది. కాసేపు ఆ కంపెనీ ప్రపంచంలోకెల్లా విలువైనదిగా కూడా నిలిచింది.

షార్ట్ స్క్వీజ్ అంటే ఇదే. కంపెనీ బాగుపడినందుకు పెరిగిన ధర కాదు, కవర్ చేయక తప్పనివాళ్లు పోటీపడి కొన్నందుకు పెరిగిన ధర. 12 శాతం షార్ట్ అంటే మామూలుగా ఎవరూ ప్రమాదమని అనుకోరు. మొత్తం షేర్లతో పోల్చి చూడటంలోనే పొరపాటు ఉంది. ప్రమోటర్లు, ప్రభుత్వం, ఇండెక్స్ ఫండ్లు కదలనివ్వని వాటాను తీసేసి, మిగిలిన దానితో పోల్చాలి. అలా చూసినప్పుడు మిగిలిన షేర్లలో అయిదో వంతు ఇప్పటికే షార్ట్ అయి ఉంటే, కొత్తగా ఆ వరుసలో నిలబడకూడదని మా అభిప్రాయం. అయితే ఈ లెక్క కూడా పూర్తి రక్షణ కాదు. నగదుతో తేలే ఆప్షన్లను బయటపెట్టాలని నాటి జర్మన్ చట్టం అడగలేదు. కనుక పోర్షే పిడికిలి ఎంత బిగిసిందో షార్ట్ చేసినవాళ్లకు ముందుగా తెలిసే దారే లేదు.

స్క్వీజ్ లేకపోయినా నిశ్శబ్దంగా తినేది అరువు రుసుము. 500 రూపాయల షేరు 400కి వస్తుందని అంచనా అనుకుందాం. గిరాకీ ఎక్కువగా ఉన్న షేరు కాబట్టి రుసుము ఏడాదికి 40 శాతం. ధర పడటానికి ఆరు నెలలు పట్టింది. రుసుము 20 శాతం, అంటే సరిగ్గా వంద రూపాయలు. అంచనా పూర్తిగా ఫలించింది, లాభం మాత్రం సున్నా. రుసుమును ఏ రోజు ధర మీద ఆ రోజు లెక్కిస్తే, షేరు మధ్యలో 700కి వెళ్లినంత కాలం 700 మీదే కట్టాలి. ఈలోగా కంపెనీ డివిడెండ్ ఇస్తే అదీ షార్ట్ చేసినవాడి జేబులోంచే పోతుంది. అరువిచ్చినవాడు షేర్లు వెనక్కి అడిగితే, వేరేచోట దొరకనప్పుడు ఆనాటి ధరకే కొని ఇవ్వాలి. అందుకే అనుకున్న గడువు మొత్తానికి రుసుము ముందే లెక్కవేసి, అది ఆశించిన లాభంలో నాలుగో వంతు దాటితే ఆ షార్ట్ వదిలేయాలి. పొజిషన్ తీసుకున్నాక రుసుము ఉన్నట్టుండి రెట్టింపైతే, అరువు షేర్లు అడుగంటుతున్నాయని అర్థం. ధర ఇంకా కదలకముందే తగ్గించుకోవలసిన ఘడియ అది.

ఇక నష్టానికి గట్టి హద్దు. ఈ విషయంలో మన బ్రోకర్లు, యూట్యూబ్ గురువులు చెబుతున్నది తప్పు అనడానికి మేము వెనుకాడం. స్టాప్‌లాస్ పెడితే నష్టం అక్కడ ఆగుతుందట! స్టాప్‌లాస్ ఒక కోరిక మాత్రమే. అమ్మేవాడు ఉన్న ధరకే అది అమలవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ప్రకటన వచ్చింది మార్కెట్ మూసి ఉన్న ఆదివారం. 230 యూరోల దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నంత మాత్రాన సోమవారం ఉదయం ఎవరూ 230కి షేర్లు ఇవ్వలేదు.

పైగా కొన్న షేరు పడితే మన డబ్బులో దాని వాటా తగ్గిపోతుంది. షార్ట్ చేసిన షేరు పెరిగితే ఆ తప్పే మరింత లావెక్కి కూర్చుంటుంది. పెట్టుబడిలో 10 శాతంతో ఫోక్స్‌వ్యాగన్‌ను 210 దగ్గర షార్ట్ చేసినవాడు, 1,000 దగ్గర మొత్తం పెట్టుబడిలో దాదాపు 38 శాతం పోగొట్టుకున్నాడు. 2 శాతంతో చేసినవాడికి పోయింది సుమారు 7.5 శాతం. అంచనా ఒకటే, ధర ఒకటే. మొదటివాడిని ముంచిందీ రెండోవాడిని నిలిపిందీ పొజిషన్ పరిమాణమే. 2021 జనవరిలో గేమ్‌స్టాప్ షేరు రెండు వారాల్లో 20 డాలర్ల నుంచి 347 డాలర్లకు ఎగబాకినప్పుడు, మెల్విన్ క్యాపిటల్ ఒక్క నెలలో 53 శాతం నష్టపోయింది. మరుసటి ఏడాది మూతపడింది. కంపెనీల లెక్కలు చదవడం రానివాళ్లు కాదు వాళ్లు.

కాబట్టి ఒక్క షేరు మీద షార్ట్ మొత్తం పెట్టుబడిలో 2 శాతం మించకూడదు. ధర పెరుగుతుంటే సగటు చేద్దామని ఇంకా అమ్మకూడదు, పొజిషన్ తగ్గించుకోవాలి. ఆప్షన్లు ఉన్న షేరైతే పై ధరకు కాల్ కొనాలి. 500 దగ్గర షార్ట్ చేసి, 600 కాల్‌ను 20 రూపాయలకు కొంటే, ఆ కాల్ గడువు తీరేదాకా ధర వెయ్యికి పోయినా షేరుకు 120 రూపాయలకు మించి పోదు. రుసుము అదనం. నిజమైన హద్దు అంటే ఇది. దీనికి డబ్బు ఖర్చవుతుందని మూలిగేవాళ్లు, ఆ ఖర్చు తర్వాత లాభం మిగలకపోతే ఆ షార్ట్‌కే దిగకూడదు.

మన దేశంలో సామాన్య మదుపరికి షార్ట్ అంటే ఎక్కువగా ఇంట్రాడేనే. షేర్లు అరువిచ్చే ఎస్ఎల్‌బీ పథకం 2008 నుంచీ ఉన్నా అందులో లావాదేవీలు పలుచన. సాయంత్రానికల్లా కవర్ చేస్తాం, భయమేమిటని అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. పొద్దున 100 రూపాయలకు షేరు అమ్మారు, 103 దగ్గర స్టాప్‌లాస్ పెట్టారు. వార్త ఏదో వచ్చి షేరు ఒక్క ఊపున 110 దగ్గర అప్పర్ సర్క్యూట్‌ను తాకింది. కొనేవాళ్ల వరుసే ఉంది, అమ్మేవాడు లేడు. బ్రోకర్ ఆటో స్క్వేర్ ఆఫ్ కూడా పనిచేయదు. డెలివరీ ఇవ్వలేదు కనుక మర్నాడు వేలం. ఆ రోజూ సర్క్యూట్ తగిలి షేరు 121 దగ్గర ముగిసింది. వేలంలోనూ షేర్లు దొరక్కపోతే, ముగింపు ధరపై 20 శాతం అదనంతో, అంటే 145 రూపాయల లెక్కన డబ్బు కట్టాల్సి రావచ్చు. మూడు రూపాయల నష్టానికి సిద్ధపడినవాడి మీద 45 రూపాయలు పడ్డాయి.

2022-23లో ఇంట్రాడే చేసిన వ్యక్తిగత మదుపరుల్లో పది మందికి ఏడుగురు నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. ఆప్షన్లు లేని, సర్క్యూట్ ఉన్న షేర్లలో ఇంట్రాడే షార్ట్‌ను బ్రోకర్లు వెంటనే ఆపాలి. ఆపలేమంటే, అమ్మకం ఆర్డర్ తీసుకునే ముందే వేలం దాకా పోతే ఎంత కట్టాల్సి వస్తుందో రూపాయల్లో తెర మీద చూపాలని సెబీ ఆదేశించాలి.