మామిడి అంట్లకు నీళ్ళు ఎప్పుడు పోయాలో మీటరుకన్నా సంచి బరువే బాగా చెబుతుంది

వానలు పడ్డాక నాటుదామని ఎండాకాలంలోనే మామిడి అంట్లు తెచ్చి చెట్టు నీడన పెట్టుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పోయినేడు నేను ముప్పై అంట్లు తెస్తే, నాటే రోజుకు ఇరవై ఒకటే మిగిలాయి. మిగతావి ఎండి చావలేదు. నేనే నీళ్ళు పోసి చంపాను. అందుకే ఇది రాస్తున్నా.

అప్పుడు నా దగ్గర కొత్తగా కొన్న తేమ మీటరు ఉంది. రెండు పుల్లలు మట్టిలో గుచ్చితే ముల్లు తిరుగుతుందే, అదే. బ్యాటరీ కూడా అక్కర్లేదు. నా సంచుల్లో కొబ్బరి పొట్టు ఎక్కువ, మట్టి గుల్లగా ఉంది. పుల్లలకు మట్టి సరిగ్గా అంటుకోక ముల్లు రోజూ "పొడి" అనే చూపించింది. నేను రోజూ పోశాను. పదిహేను రోజులకు ఆకులు వాడిపోయాయి. నీళ్ళు చాలట్లేదేమోనని ఇంకా పోశాను. చివరికి ఒకటి పీకి చూస్తే వేర్లు నల్లగా, మెత్తగా, కుళ్ళు వాసన.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మీటరు నీళ్ళను నేరుగా కొలవదు. రెండు లోహాల మధ్య తడి మట్టిలో పుట్టే కొద్దిపాటి కరెంటును కొలుస్తుంది. నమ్మకపోతే ఒక గ్లాసులో వాన నీళ్ళు, ఇంకో గ్లాసులో ఉప్పు కలిపిన నీళ్ళు పోసి గుచ్చి చూడండి. రెండూ నీళ్ళే, ముల్లు మాత్రం ఒకేచోట నిలబడదు. అంటే ఎరువు నీళ్ళు పోసిన సంచిలోనూ, ఉప్పు బోరు నీళ్ళు వాడేచోటా ఉన్నదానికన్నా ఎక్కువ తడి చూపిస్తుంది. గుల్ల మట్టిలో తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. ఒక స్ప్రింగు కాటా తీసుకున్నా. సంచికి కింది కన్నాల నుంచి కారేదాకా నీళ్ళు పోసి, అరగంట ఆగి కొక్కేనికి తగిలించా. మూడు కిలోల ఆరు వందలు వచ్చింది. అది నిండు బరువు. తర్వాత ఆ ఒక్క సంచికి నీళ్ళు ఆపి రోజూ పొద్దున్నే తూచా. మధ్యాహ్నం వాడడం లెక్కలోకి రాదు, అది ఎండకు. తెల్లవారి కూడా ఆకు వాలి ఉన్న రోజున రెండు కిలోల ఆరు వందలు ఉంది. వెంటనే నీళ్ళు పోశా, తేరుకుంది.

తేడా ఒక కిలో, అంటే ఒక లీటరు నీళ్ళు. మామిడి అంటుకు అందులో సగం పోయాక, అంటే మూడు కిలోల వంద దగ్గర, అర లీటరు పైచిలుకు పోస్తే సరిపోతుంది. ఎన్ని పోయాలో కూడా కాటాయే చెప్పిందన్నమాట. వారం తిరిగేసరికి చేతికే బరువు తెలిసిపోయింది, ఇప్పుడు కాటా తీయట్లేదు. మండే ఎండల్లో రెండు రోజులకోసారి పడింది, మబ్బు పట్టినప్పుడు ఐదు రోజులైనా అడగలేదు.

ఇంకో లాభం. బాగా ఎండిన సంచి మట్టి నీళ్ళు వెంటనే పీల్చదు. పోసినవి అంచులెంట జారి కిందికి పోతాయి. పైన వేలు పెడితే తడే, కానీ ఎత్తితే సంచి తేలిగ్గా ఉంటుంది. అలాంటిదాన్ని నీళ్ళ తొట్టిలో కాసేపు ముంచి ఉంచాలి. దీనికి తిరగేసి, ఆకు వాడి ఉన్నా సంచి బరువుగా ఉంటే నీళ్ళ జోలికి పోవద్దు. వేరు దెబ్బతింది.

మొక్క పెరిగితే బరువూ పెరుగుతుంది కాబట్టి నెలకోసారి నిండు బరువు మళ్ళీ చూసుకోవాలి.

వేలు పనికిరాదనడం లేదు. పెరట్లో మిరప, వంగ కుండీలకు నాకు వేలే చాలు. రెండో కణుపు దాకా గుచ్చితే మట్టి చల్లగా వేలికి అంటుకుంటే ఆగుతా, పొడిగా రాలితే పోస్తా. కానీ వేలు పోయేది రెండు అంగుళాలే, అడుగు లోతు సంచి అడుగున ఏముందో దానికేం తెలుస్తుంది? కలబందకైతే పైన ఎండినా పోయకూడదు, కుండీ బాగా తేలికయ్యేదాకా ఆగాలి.

మా బావమరిది "మరి ఆ మీటరు పారేస్తావా బావా?" అన్నాడు. పారేయలేదు. నిమ్మ మొక్క ఉన్న డ్రమ్ము ఎత్తలేం కదా, దానికి వాడుతున్నా. నీళ్ళు పోసిన మర్నాడు ముల్లు ఎక్కడుందో, లోపలి మట్టి తవ్వి చూసి పొడి అనిపించిన రోజు ఎక్కడుందో డ్రమ్ము మీదే సుద్దతో రాసుకున్నా. ఆ డ్రమ్ముకు ఆ అంకెలే. పక్క డ్రమ్ముకు చెల్లవు. చూడగానే పుల్లలు తీసి తుడిచి పెట్టాలి, మట్టిలో వదిలేస్తే తుప్పు పట్టి అబద్ధాలు మొదలుపెడుతుంది.