ఫైర్‌వాల్ మీద పడే ముందు

ఫిల్మ్ నగర్‌లోని ఓ చిన్న ఆఫీసులో, ఇంకా విడుదల కాని సినిమాకు ప్రచార పేజీ తయారవుతోందనుకుందాం. ల్యాప్‌టాప్‌లో `localhost:5173` అని కొడితే పేజీ చక్కగా వస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో `192.168.1.23:5173` కొడితే మాత్రం రాదు. వెంటనే ఎవరో ఒకరు ఫైర్‌వాల్ ఆపేయమంటారు. నా దృష్టిలో అది తప్పుడు సలహా. ముందు ఆ ఫోన్‌లో కొట్టిన అడ్రస్‌నే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కొట్టి చూడాలి. అక్కడా తెరుచుకోకపోతే ఫైర్‌వాల్‌ను అనుమానించే పని ఇంకా రాలేదు. సర్వర్ `localhost` మీద మాత్రమే, అంటే తన యంత్రం నుంచి వచ్చే పిలుపులనే వింటూ ఉండవచ్చు. వీట్ లాంటివి మామూలుగా ఇలాగే మొదలవుతాయి. `npm run dev -- --host` అని నడిపితే అది `0.0.0.0` మీద, అంటే అన్ని నెట్‌వర్క్ దారుల్లోనూ వింటుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వచ్చి ఫోన్‌లో రాకపోతేనే ఫైర్‌వాల్ వంతు. విండోస్‌లో ఆ వైఫై ‘పబ్లిక్’గా నమోదై ఉందేమో చూసి, సొంత ఆఫీసు వైఫై అయితే ‘ప్రైవేట్’గా మార్చి, 5173 పోర్టుకు మాత్రమే లోపలికి అనుమతివ్వాలి. అప్పటికీ రాకపోతే, గెస్ట్ వైఫైలో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా రౌటరే అడ్డుకుంటుండవచ్చు. ఒకే వైఫైని పలు బృందాలు వాడే చోట `0.0.0.0` అంటే, విడుదల కాని పోస్టర్‌ను పక్క గదివాళ్లు కూడా తెరవగలరు. అందుకే పరీక్ష అయిపోగానే సర్వర్ ఆపండి, ఆ అనుమతినీ తీసేయండి.